సకినాల డబ్బాలో వచ్చిన ఉత్తరం

2022 సంక్రాంతికి మా చిన్నమ్మ పరకాల నుంచి సకినాలు పంపింది. స్టీలు డబ్బా మూత తీస్తే పైన న్యూస్ పేపరు, దాని కింద నాలుగు మడతల రూళ్ల కాగితాలు. మా తమ్ముడి అక్షరాలే. నువ్వుల నూనె అంటుకుని అంచులు పారదర్శకమయ్యాయి కానీ చదవడానికి ఇబ్బంది లేదు. చిన్నమ్మకు తెలియకుండా, డబ్బా కట్టే ముందు దోపి ఉంటాడు.

వాడు మా చిన్నమ్మ కొడుకు, నాకన్నా పన్నెండేళ్లు చిన్న. హైదరాబాద్‌లో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో టెస్టింగ్ చేసేవాడు. కరోనా మొదలైనప్పటి నుంచి ల్యాప్‌టాప్‌తో ఇంట్లోనే ఉన్నాడు. 2020 సెప్టెంబర్ ఒకటి నుంచి టీశాట్‌లో, దూరదర్శన్ యాదగిరిలో పాఠాలు వచ్చేవి కదా, వాళ్ల గల్లీ పిల్లలు కొందరు ఆ పాఠం చూసి, ఏమీ అర్థం కాక, సాయంత్రం వీడి దగ్గరికి నోట్‌బుక్ పట్టుకుని వచ్చేవాళ్లు. మొదట ఇద్దరు, తర్వాత అరుగు నిండా. ఇదంతా నాకు చిన్నమ్మ ఫోన్లో చెప్పిందే. "పోరనికి పనిల్లేదు, ట్యూషన్ పెట్టుకున్నడు, అదీ ఫ్రీగ" అని విసుక్కుంటూ.

ఉత్తరంలో రాసింది ఇది:

"అక్కా, ఫోన్ల అడుగుదామంటే ఇంట్ల అందరు వింటరు. అందుకే రాస్తున్న. నాకు ఉద్యోగం విడిచిపెట్టి టీచర్ కావాలని ఉంది. ధైర్యం చెప్పమని మాత్రం రాస్తలేను. ధైర్యం చెప్పేటోళ్లు మా టీంల మస్తుమంది ఉన్నరు, వాళ్లల్ల ఒక్కరు కూడా బడి మొహం చూసినోళ్లు లేరు. నువ్వు ఉన్నదున్నట్టు చెప్పు. ఒకటి, నేను దీనికి పనికొస్తనా. రెండు, ఎన్నేండ్లు పడ్తది, అప్పటిదాంక ఎట్ల బతకాలె. మూడు, అమ్మకు ఎట్ల చెప్పాలె. నీకు బుద్ధి తెల్వదా అని తిట్టాలనిపిస్తే తిట్టు, కానీ కారణం రాసి తిట్టు."

చివరి వాక్యం చదివి నవ్వొచ్చింది. చిన్నప్పటి నుంచీ అంతే. అమ్మమ్మ ఇంట్లో ఎండాకాలం సెలవుల్లో బడి ఆట ఆడితే నేనే టీచర్ని, వాడొక్కడే విద్యార్థి. మిగతావాళ్లంతా మామిడి చెట్ల కిందికి పోయేవాళ్లు. పలక మీద ఎక్కం రాసిస్తే అప్పజెప్పేవాడు కాదు, "ఏడార్లు నలభై రెండు, ఆరేడ్లు కూడా నలభై రెండే, ఎందుకు?" అనేవాడు. నాకప్పుడు జవాబు తెలియక బెత్తం చూపించేదాన్ని. బెత్తమంటే చింతబరిక.

నేను 2012 డీఎస్సీలో వచ్చిన దాన్ని. హనుమకొండ నుంచి బస్సులో వెళ్లొచ్చే దూరంలో ఒక జెడ్పీ హైస్కూల్‌లో మ్యాథ్స్ స్కూల్ అసిస్టెంట్‌ని. ఆ సంక్రాంతికి ఒమిక్రాన్ సెలవులు. బడి లేదు కాబట్టి తీరిగ్గా, రాత్రుళ్లు కూర్చుని జవాబు రాశాను. ముందు రెండో ప్రశ్నకే రాశాను, ఎందుకంటే దానికి మాత్రమే కాగితం మీద జవాబు చెప్పగలను.

నువ్వు బీటెక్. స్కూల్ అసిస్టెంట్ పోస్టుకు బీఈడీ ఉండాలి, ఇప్పుడది రెండేళ్లు. ముందు ఎడ్‌సెట్ రాయాలి. 150 ప్రశ్నలు, రెండు గంటలు, అందులో కంప్యూటర్ మీదే 20 ఉంటాయి, కాబట్టి దానికి నువ్వు భయపడాల్సింది లేదు. ఉద్యోగం చేసుకుంటూ దూరవిద్యలో చేద్దామని అనుకోకు. దూరవిద్య బీఈడీ ఇప్పటికే టీచర్‌గా ఉన్నవాళ్ల కోసం పెట్టింది. "అటెండెన్స్ అవసరం లేదు, పరీక్షలకు వస్తే చాలు" అని సీటు అమ్మేవాళ్లు తగులుతారు. వాళ్ల జోలికి పోవద్దు. రెండేళ్లలో ఇరవై వారాలు నిజం బడిలో ఇంటర్న్‌షిప్ ఉంటుంది. బీఈడీలో నీకు పనికొచ్చేది అదొక్కటే అని నేనంటే మా ప్రిన్సిపాల్‌కు కోపం వచ్చేది. అది కూడా ఎగ్గొడితే ఇక సర్టిఫికెట్ తప్ప ఏమీ మిగలదు.

తర్వాత టెట్, అంటే టీచర్ అర్హత పరీక్ష. ఆ తర్వాత డీఎస్సీ. ఇక్కడే చాలామంది బోల్తా పడేది. పేపర్లో మొత్తం పోస్టుల సంఖ్య చూసి పొంగిపోతారు. 2017లో వచ్చిన నోటిఫికేషన్‌లో 8,792 పోస్టులు. వినడానికి ఎంత బాగుంది! అందులో 5,415 ఎస్జీటీలు, అంటే ప్రైమరీ బడుల పోస్టులు, డీఈడీ వాళ్లవి. పండిట్లు, పీఈటీలు పోను స్కూల్ అసిస్టెంట్లు 1,950 మాత్రమే. వాటిని ఇప్పటి 33 జిల్లాలకు పంచి చూడు, సగటున జిల్లాకు 59. ఆ 59లోనే మ్యాథ్స్, ఫిజికల్ సైన్స్, బయాలజీ, సోషల్, భాషలు అన్నీ రావాలి. తెలుగు మీడియం, ఇంగ్లిష్ మీడియం, ఉర్దూ మీడియం వేరువేరు. నీ జిల్లాలో నీ సబ్జెక్టు, నీ మీడియం లెక్క తీస్తే పది దొరికితే గొప్ప. ఆ పదిని రోస్టర్ ప్రకారం కులాల వారీగా, మహిళలకు విడిగా పంచితే నువ్వు నిజంగా పోటీ పడే వరుసలో రెండో మూడో ఉంటాయి. పక్క జిల్లాలో ఎక్కువ ఉన్నాయని అటు పోదామన్నా కుదరదు, 95 శాతం స్థానికులకే. కాబట్టి నోటిఫికేషన్ వచ్చిన రోజు మొదటి పేజీ చూడకు. జిల్లాల పట్టికలో నీ వరుస వెతుక్కో. ఆ వరుసలో సున్నా కూడా ఉండొచ్చు.

ఇంకోటి, నోటిఫికేషన్ మనకోసం ఆగదు. నాది 2012, ఆ తర్వాతది 2017, ఇప్పుడు 2022 వచ్చినా ఇంకోటి లేదు. నీ బీఈడీ అయ్యే సంవత్సరమే అది వస్తుందని లెక్క వేసుకోవద్దు. ఒకటి చేజారుతుంది అనుకునే లెక్క వెయ్యి.

ఇంతవరకు రాసి, జీతం సంగతి కూడా రాశాను. స్కూల్ అసిస్టెంట్ మూల వేతనం 42,300తో మొదలవుతుంది. డీఏ, పల్లెటూరి హెచ్ఆర్ఏ కలిపి, సీపీఎస్ పెన్షన్‌కు పది శాతం కట్ అయ్యాక చేతికి యాభై వేలకు అటూ ఇటూ. వాడికి అప్పటికే అంతకన్నా ఎక్కువే వస్తోంది. అది దొరికేలోపు ప్రైవేటు స్కూల్లో చేరితే హనుమకొండలో పాతిక వేలు దాటించడం కష్టం, ఏప్రిల్, మే జీతాలు చాలాచోట్ల అనుమానమే.

అందుకని, రాజీనామా ఇప్పుడు కాదు, ఎడ్‌సెట్ ర్యాంకు వచ్చి సీటు చేతిలో పడ్డాక. ఈలోపు నెల నెలా ఎంత ఖర్చవుతోందో రాసి పెట్టు. బీఈడీ రెండేళ్లు, ఆ పైన కనీసం ఇంకో ఏడాది, మొత్తం మూడేళ్ల ఖర్చు బ్యాంకులో పడ్డాకే ఆలోచించు. బైక్ ఈఎంఐ ముందు కట్టేసెయ్. ఇంట్లో తిండి, అద్దె లేదు కాబట్టి నెలకు పన్నెండు వేలనుకున్నా మూడేళ్లకు నాలుగు లక్షల ముప్పై రెండు వేలు. ఫీజు, పుస్తకాలు, చెల్లె పెళ్లిలో నువ్వు పెడతానన్నది దాని మీద అదనం.

మొదటి ప్రశ్నకు మాత్రం ఉత్తరంలో జవాబు రాయలేదు. "లీవు పెట్టుకుని మా బడికి రా, చూద్దాం" అని రాశాను.

మేడారం జాతర ముగిసిన వారం వచ్చాడు. నేను కావాలనే ఆ వారం చెప్పాను. జాతరకు పోయొచ్చిన పిల్లలు సగం మంది ఇంకా రారు, వచ్చినవాళ్లు నిద్రమొహాలతో కూర్చుంటారు. కొత్త పాఠం ఎత్తుకుంటే రానివాళ్లు నష్టపోతారు, పాతది చెప్తే వచ్చినవాళ్లకు విసుగు. పైగా రెండేళ్లు బడులు సరిగ్గా నడవక ఎనిమిదో తరగతి పిల్లలు ఆరో తరగతి లెక్క దగ్గరే ఆగిపోయి ఉన్నారు. మా హెడ్‌మాస్టర్ గారిని అడిగి, నేను వెనక బెంచీలో కూర్చుని, వాడికి ఎనిమిదో తరగతి అప్పజెప్పాను. రేఖీయ సమీకరణాల రివిజన్.

వాడు బోర్డు మీద లెక్క రాశాడు: x/2 + x/3 = 10.

చాలా బాగా చెప్పాడు. అబద్ధం ఎందుకు, నాకన్నా శుభ్రంగా చెప్పాడు. హారాలు రెండు, మూడు. క.సా.గు. ఆరు. మొదటిదాన్ని మూడుతో, రెండోదాన్ని రెండుతో గుణిస్తే 3x, 2x. కలిపితే 5x/6 = 10, కాబట్టి x = 12. పన్నెండులో సగం ఆరు, మూడో వంతు నాలుగు, మొత్తం పది, సరిపోయింది అని కూడా చూపించాడు. "అర్థమైందా?" అన్నాడు. "అర్థమైంది సార్" అని క్లాసంతా ఒకే గొంతుతో అన్నారు. వాడు నా వైపు చూశాడు, మొహం వెలిగిపోతోంది.

నేను లేచి బోర్డు మీద ఇంకోటి రాశాను: x/3 + x/4 = 7. ఎవరి నోట్‌బుక్‌లో వాళ్లు చేయండి, పక్కవాళ్లది చూడొద్దు, చేసి ఇవ్వండి అన్నాను.

మధ్యాహ్న భోజనం తర్వాత స్టాఫ్‌రూంలో ఆ నోట్‌బుక్‌లు వాడి ముందు పెట్టాను. సగానికి పైగా 2x/7 అని రాశారు. పైవాటిని పైవాటితో, కిందివాటిని కిందివాటితో కలిపేశారు. x విలువ ఇరవై నాలుగున్నర వచ్చింది, అలాగే వదిలేశారు. వాడికి నోట మాట రాలేదు. "నేను ఇప్పుడే కదా చెప్పిన అక్కా, గంట కూడా కాలే" అన్నాడు.

"ఇంకోసారి చూడు, అందరిదీ ఒకే తప్పు కాదు" అన్నాను.

మళ్లీ చూశాడు. కొందరు క.సా.గు. పన్నెండు అని కరెక్టుగా తీశారు కానీ x/12 + x/12 అని రాసి 2x/12 తేల్చారు. అంటే హారం మార్చారు, లవాన్ని గుణించలేదు. ఒక అమ్మాయి మాత్రం 7x/12 దాకా వచ్చి, చివర్లో 7x = 84 కి బదులు 7x = 19 అని రాసింది. పన్నెండుకు ఏడు కలిపింది. వాడు నోట్‌బుక్‌లను మూడు దొంతర్లుగా పేర్చడం మొదలుపెట్టాడు, నేను చెప్పకముందే. అది చూసి నేనేమీ అనలేదు, టీ తెప్పించాను.

ఈ మూడు దొంతర్లకు మూడు మందులు. మూడో దొంతరలోని అమ్మాయికి సమీకరణం రెండు వైపులా ఏం చేస్తున్నామో ఒకసారి గుర్తుచేస్తే చాలు. రెండో గుంపుకు పద్ధతి తెలుసు, ఎందుకో తెలియదు. మొదటి గుంపుకు భిన్నం అంటే ఒక సంఖ్య అని కూడా ఇంకా మనసులో పడలేదు, అది గీతకు పైనొకటి, కిందొకటి ఉన్న రెండు వేరువేరు అంకెలు వాళ్లకు. ఆ పిల్లలకు క.సా.గు. ఎన్నిసార్లు చెప్పినా బోర్డు చూసి రాస్తారు, బోర్డు తుడిస్తే పోతుంది. వాళ్లను ముందు ఒకటే అడగాలి: ఒకటి బై రెండుకు ఒకటి బై మూడు కలిపితే రెండు బై ఐదు అన్నావు కదా, రెండు బై ఐదు సగం కన్నా ఎక్కువా, తక్కువా? సగానికి ఇంకొంచెం కలిపితే సగం కన్నా తగ్గుతుందా?

రెండో రోజు వాడు గళ్ల కాగితం కత్తిరించి తెచ్చాడు. పన్నెండు గళ్ల పట్టీలు, పిల్లకొకటి. మూడో వంతు మడవండి, ఎన్ని గళ్లు? నాలుగు. నాలుగో వంతు? మూడు. రెండూ కలిపితే? ఏడు. పన్నెండులో ఏడు. అప్పుడు బోర్డు మీద 7/12 రాసి, పక్కనే వాళ్ల 2/7 రాసి, ఏది పట్టీతో కుదిరింది అన్నాడు. మొదటి గుంపులో కొందరు "ఓ" అన్నారు. కొందరు అనలేదు. వాడు చాక్‌పీస్ పట్టుకుని, ఆ "ఓ" అననివాళ్ల దగ్గరికి బెంచీల మధ్యలోకి వెళ్లి మోకాళ్ల మీద కూర్చున్నాడు. బెల్ కొట్టినా లేవలేదు, తర్వాతి పీరియడ్ హిందీ టీచర్ గుమ్మం దగ్గర నిలబడి ఉంది.

పోయేటప్పుడు బస్టాండ్‌లో అడిగాడు, "పనికొస్తనా?" అని. నేను చెప్పింది ఇంతే. పాఠం చెప్పడం నీకు వచ్చు, అది చాలామందికి వచ్చు. నువ్వు నోట్‌బుక్‌లు ఇంటికి తీసుకుపోయి దిద్దుకొచ్చినవు, ఎవరూ అడగకున్నా. అది అందరూ చెయ్యరు. కానీ ఇక్కడ రోజంతా ఇదే ఉంటుందనుకోకు. మధ్యాహ్న భోజనం లెక్కలు, ఆన్‌లైన్ హాజరు, యూడైస్‌లో ఎక్కించాల్సిన బడి వివరాలు, ఎన్నికల డ్యూటీ. ఒక్కోసారి ఎనిమిదో తరగతికి పోవాల్సిన పీరియడ్‌లో కూర్చుని ఎవరికో పంపాల్సిన పట్టిక నింపుతావు. నాకు ఒళ్లు మండేది అక్కడే. మీ ఆఫీసులో పని నచ్చకపోతే కంపెనీ మారతావు, ఇక్కడ మారడానికి ఇంకో కంపెనీ ఉండదు.

మూడో ప్రశ్న, చిన్నమ్మకు చెప్పడం, నా మెడకే పడింది. ఉగాదికి వెళ్లినప్పుడు చెప్పాను. చిన్నమ్మ కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "సాఫ్ట్‌వేర్ పిలగాడని చెప్పి రెండు సంబంధాలు నడుస్తున్నయి బిడ్డా, ఇప్పుడు బీఈడీ సదువుతున్నడని చెప్పాలెనా?" అంది. నిజానికి ఆమె బాధ అదొక్కటే కాదు. బాబాయ్ చిట్టీ కట్టి మరీ వాడిని ఇంజనీరింగ్ చదివించాడు. నేను అటువైపు పోకుండా, బ్యాంకులో ఎంతుంది, ఎన్నాళ్లొస్తుంది అన్న లెక్క ఆమె ముందు పెట్టాను. చిన్నమ్మ మిర్చీ ఏరే కూలీలకు ప్రతి ఏడాదీ డబ్బు లెక్క చూసే మనిషి. లెక్కకు లొంగింది కానీ మనసుకు ఒప్పలేదు. "గవర్మెంటు జాబు వస్తదని రాసిస్తవా?" అని అడిగింది. రాసియ్యను అన్నాను. ఒక సంబంధం పోయింది, ఇంకోటి నిలబడింది. ఆ అమ్మాయి కూడా బీఈడీయే.

వాడు ఆ ఏడాది ఎడ్‌సెట్ రాసి, సీటు వచ్చాకే రాజీనామా చేశాడు. చేజారేది ఒకటి ఉంటుందని రాశాను కదా, అది నేను అనుకున్నదానికన్నా దగ్గరగా తగిలింది. 2024 ఫిబ్రవరి చివర డీఎస్సీ పడింది, 11,062 పోస్టులు, తెలంగాణ వచ్చాక ఎన్నడూ చూడనన్ని. దరఖాస్తు గడువు జూన్‌లో ముగిసింది. వాడి నాలుగో సెమిస్టర్ పరీక్షలు అప్పటికి కాలేదు. టెట్ అయితే చివరి ఏడాదిలో ఉన్నవాళ్లు రాయొచ్చు, రాశాడు, 112 వచ్చాయి. డీఎస్సీకి మాత్రం సర్టిఫికెట్ చేతిలో ఉండాలి. అక్టోబర్ 9న ఎల్బీ స్టేడియంలో నియామక పత్రాలు ఇస్తుంటే వాడి క్లాస్‌మేట్ అన్నయ్య ఒకడు అక్కడి నుంచి ఫోటో పంపాడు. వాడు నాకు ఫార్వర్డ్ చేశాడు, కింద ఏమీ రాయకుండా. నేనూ ఏమీ రాయలేదు.

ఇప్పుడు హనుమకొండలో ఒక ప్రైవేటు స్కూల్లో హైస్కూల్ మ్యాథ్స్ చెప్తున్నాడు. జీతం ఇరవై రెండు వేలు. ఆదివారాలు పాత స్నేహితుల కోసం ఏదో టెస్టింగ్ పని చేసి కొంత సంపాదిస్తాడు. మా ఇంటికి వస్తే సంచిలో నోట్‌బుక్‌లు ఉంటాయి, మా డైనింగ్ టేబుల్ మీద దొంతర్లు పేరుస్తాడు.

ఈ మధ్య మా ఇద్దరికీ ఒక విషయంలో పడట్లేదు. టెట్ మళ్లీ రాసి 112ని 127 చేసుకుంటానంటాడు. వద్దన్నాను. డీఎస్సీ ర్యాంకు లెక్కలో టెట్‌కు వెయిటేజీ ఇరవై, టెట్ మార్కులు 150. పదిహేను మార్కులు పెరిగితే కలిసేది రెండు. డీఎస్సీలో ప్రశ్నకు అరమార్కు, 160 ప్రశ్నలు, అందులో 88 సబ్జెక్టువే. అక్కడ నాలుగు ప్రశ్నలు ఎక్కువ పెడితే అదే రెండు మార్కులు వస్తాయి. టెట్‌లో మళ్లీ శిశువికాసం, తెలుగు, ఇంగ్లిష్ చదవడానికి పెట్టే రెండు నెలలు సబ్జెక్టు మీద, మెథడాలజీ మీద పెట్టు అన్నాను. "డీఎస్సీల ఆ నాలుగు ప్రశ్నలు వస్తయో రావో అక్కా, టెట్‌ల వచ్చిన మార్కు ఎటూ పోదు. మన జిల్లాల రెండు మార్కులంటే ఎంతమంది ఉంటరో తెలుసా?" అంటాడు. తెలుసు. అయినా నా మాట నాదే. వాడు నిన్న టెట్ ఫీజు కట్టేసి వచ్చాడు.